పన్ను కలిసిన ధరల పట్టిక నుంచి అసలు ధరల మొత్తం ఒకే సెల్‌లో ఎలా?

ప్రశ్న: ఒక షీట్‌లో B కాలమ్‌లో పన్ను కలిసిన ధరలు, C కాలమ్‌లో ఆ వస్తువుకు పడే పన్ను శాతం ఉన్నాయి. శాతాలు మూడు రకాలు. పన్ను లేకుండా మొత్తం ఎంతో ఒక్క సెల్‌లో రావాలి, పక్కన ఇంకో కాలమ్ పెట్టే వీలు లేదు. మొత్తం కూడి సగటు శాతంతో తీసేస్తే లెక్క కుదరడం లేదు. ఎక్కడ తప్పుతున్నాను?

ముందు ఫార్ములా ఇచ్చేస్తాను, తర్వాత మాట్లాడుకుందాం.

```
=SUMPRODUCT(B2:B6/(1+C2:C6))
```

C కాలమ్‌లో 20%, 5% అని శాతం రూపంలోనే ఉంటే ఇది సరిపోతుంది. ప్రతి వరుసలోని ధరను ఆ వరుస శాతంతోనే విడదీసి, ఆ తర్వాతే కూడుతుంది. మీరు వరస తిరగేశారు, ముందు కూడి తర్వాత విడదీశారు. శాతాలు వేర్వేరుగా ఉన్నప్పుడు ఆ పని కుదరదు.

చిన్న పట్టిక తీసుకుంటాను, మీరూ షీట్‌లో వేసుకుని చూడండి.

```
    A        B        C
1   వస్తువు    ధర       పన్ను
2   ఒకటి     120.00   20%
3   రెండు     49.99   20%
4   మూడు      52.50   5%
5   నాలుగు     12.50   5%
6   ఐదు       15.00   0%
```

పన్నుతో కలిపి మొత్తం 249.99. వరుస వరుసకూ విడదీస్తే మొదటిది 100.00, రెండోది 41.6583, మూడోది 50.00, నాలుగోది 11.9048, ఐదోదానికి పన్నే లేదు కాబట్టి 15.00. కూడితే 218.5631, అంటే 218.56. పన్ను 31.43.

ఇప్పుడు మీ దారిలో వెళ్దాం. ఐదు శాతాల సగటు 10. 249.99ని 1.10తో భాగిస్తే 227.26 వస్తుంది. ఐదు వరుసల పట్టికలోనే 8.70 తేడా. సగటు తీసేటప్పుడు 120 ధర ఉన్న వస్తువుకూ 12.50 ధర ఉన్న వస్తువుకూ ఒకే బరువు ఇచ్చేశారు, తేడా అక్కడే పుట్టింది. ఈ పట్టికకు నిజంగా పడిన శాతం 31.43ని 218.56తో భాగిస్తే వచ్చే 14.38. అయితే ఆ అంకె తెలియాలంటే ముందు అసలు ధరల మొత్తం తెలియాలి. కాబట్టి దాన్ని పట్టుకుని వెనక్కి రావడానికి దారి లేదు. పోయిన నెల పట్టికలో వచ్చిన శాతాన్ని ఈ నెలకు వాడేవాళ్లను చూశాను. అమ్మిన వస్తువుల కలయిక మారితే ఆ శాతమూ మారిపోతుంది.

ఇంకో తప్పు మీరు చేయలేదు గానీ, ఈ ప్రశ్న వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో చాలామంది చేస్తారు. 20 శాతం పన్ను కలిసిన ధర నుంచి 20 శాతం తీసేస్తే అసలు ధర రాదు. 120లో 20 శాతం అంటే 24, మిగిలేది 96. అసలు ధర మాత్రం 100. పన్ను వేసింది 100 మీద, మీరు తీసేది 120 మీద. 20 శాతం పన్ను అంటే కలిసిన ధరలో ఆరో వంతు, 5 శాతం అంటే 21వ వంతు, 10 శాతం అంటే 11వ వంతు, 25 శాతం అంటే సరిగ్గా ఐదో వంతు. నోటి లెక్కతో సరిచూసుకోవడానికి ఈ వంతులు నాకు బాగా పనికొస్తాయి. 49.99లో ఆరో వంతు ఎనిమిదికి కాస్త పైన కాబట్టి అసలు ధర 41, 42 మధ్య ఉండాలి. షీట్ 39.99 చూపిస్తే ఎవరో శాతం తీసేశారని వెంటనే తెలిసిపోతుంది. ఇదే పట్టిక మొత్తాన్ని అలా చేస్తే 212.74 వస్తుంది, 5.82 తక్కువ.

SUMPRODUCT ఎందుకంటే, అది బ్రాకెట్‌లోని లెక్కను తనంతట తానే వరుస వరుసకూ చేస్తుంది. `=SUM(B2:B6/(1+C2:C6))` అని రాసినా ఎక్సెల్ కొత్త వెర్షన్లలో ఇదే జవాబు వస్తుంది. పాత వాటిలో Ctrl+Shift+Enter నొక్కాలి, గూగుల్ షీట్స్‌లో ARRAYFORMULA చుట్టాలి. ఫైల్ ఎవరి దగ్గర ఏ వెర్షన్‌లో తెరుచుకుంటుందో మనకు తెలియదు. నేను ఇరవై ఏళ్లుగా ఇలాంటి షీట్లతోనే ఉన్నాను, ఇంకొకరికి పంపే ఫైల్‌లో SUMPRODUCT తప్ప వేరేది పెట్టను.

ధర ఒక్కో నగానికి ఉండి D కాలమ్‌లో సంఖ్య ఉంటే అదీ లోపలే గుణించేయండి:

```
=SUMPRODUCT(B2:B6*D2:D6/(1+C2:C6))
```

మీరు అడగకపోయినా ఒక మాట. ఒకే శాతం ఉన్న వస్తువుల వరకూ ముందు కూడినా తప్పు లేదు. 120.00, 49.99 రెండూ 20 శాతమే. కలిపితే 169.99, దాన్ని 1.2తో భాగిస్తే 141.6583. విడివిడిగా చేసినా అదే. అందుకే చేత్తో లెక్క వేయాల్సి వస్తే పట్టికను శాతాల వారీగా మూడు కుప్పలు చేసి, ఒక్కో కుప్పను ఒక్కసారి భాగిస్తే చాలు. వెయ్యి వరుసలున్నా మూడే భాగహారాలు. ఈ కుప్పల సంగతి మళ్లీ వస్తుంది, సరిచూసుకోవడానికి అంతకంటే మంచి సాధనం నాకు కనబడలేదు.

రౌండ్ చేయడం ఎప్పుడు

అసలు తలనొప్పి ఇక్కడ. పై ఫార్ములా ఏ వరుసనూ రౌండ్ చేయదు, చివరి మొత్తం మాత్రమే రెండు దశాంశాలకు కనిపిస్తుంది. కానీ అదే పట్టికను ఎవరైనా వరుస వరుసకూ అసలు ధరతో అచ్చువేసి, అచ్చులో కనిపించే అంకెలను కూడితే? మన ఐదు వరుసల్లో 41.66, 11.90 అని రౌండ్ చేసి కూడినా అదృష్టం కొద్దీ 218.56 వచ్చింది. ఒకటి పైకి పోయింది, ఇంకోటి కిందికి వచ్చింది, రెండూ చెల్లిపోయాయి. ఎప్పుడూ అలా జరగదు.

12.50 ధర, 5 శాతం పన్ను ఉన్న వరుసే 200 సార్లు వచ్చిందనుకోండి. ఒక్కోటి 11.90. కూడితే 2380.00. రౌండ్ చేయకుండా కూడితే 2500ని 1.05తో భాగించినట్టే, అంటే 2380.95. ఒక్కో వరుసలో అర పైసా కూడా లేని తేడా 200 వరుసలు తిరిగేసరికి 0.95 అయింది. వేర్వేరు ధరలున్న పట్టికలో పైకి పోయేవీ కిందికి వచ్చేవీ కలిసి చాలావరకు చెల్లిపోతాయి. ఒకే ధర మళ్లీ మళ్లీ వచ్చే పట్టికలో మాత్రం అన్నీ ఒకే వైపుకు జరుగుతాయి. తేడా వరుసల సంఖ్యతో పాటు పెరుగుతూ పోతుంటే కారణం ఇదేనని అనుకోవచ్చు.

రెండింటిలో ఏది సరి? అది గణితం తేల్చే ప్రశ్న కాదు. ఆ మొత్తం ఎక్కడికి పోతుందో చూడాలి. చదివేవాడి ముందు వరుసలూ ఉండి, కింద మొత్తమూ ఉంటే, అతను వేళ్లతో కూడినా అదే రావాలి. అప్పుడు వరుసలను రౌండ్ చేశాకే కూడండి:

```
=SUMPRODUCT(ROUND(B2:B6/(1+C2:C6),2))
```

వరుసలు ఎవరికీ కనిపించవు, మొత్తమే కావాలి అంటే రౌండ్ చేయకుండా కూడి చివర్లో ఒక్కసారి చేయండి. పన్ను ఎవరికి కడతారో వాళ్ల నియమం వరుసకు రౌండ్ చేయమంటుందో, మొత్తానికి చేయమంటుందో ఉంటే ఆ నియమమే చివరి మాట. ఒకే ఫైల్‌లో రెండు పద్ధతులూ కలపకండి, అంతే. సెల్ ఫార్మాట్‌తో రెండు దశాంశాలు చూపించడం రౌండ్ చేయడం కాదని కూడా గుర్తుంచుకోండి. తెర మీద 41.66 కనిపిస్తుంది, లోపల 41.6583 అలాగే ఉంటుంది.

కొన్నిచోట్ల రెండూ అడుగుతారు. వరుసలు రెండు దశాంశాల్లోనే ఉండాలి, మొత్తం మాత్రం రౌండ్ చేయకుండా వచ్చినదానికి సరిపోవాలి అని. మూడు వస్తువులు, ఒక్కోటి 1.00, 20 శాతం. ఒక్కోటి 0.8333, రౌండ్ చేస్తే 0.83, మూడూ కలిపితే 2.49. అసలు మొత్తం 3.00ని 1.2తో భాగిస్తే సరిగ్గా 2.50. అప్పుడు మిగిలిన 0.01ని ఒక వరుసకు ఇచ్చేయాలి, రెండు 0.83లు, ఒక 0.84. ఎవరికి ఇవ్వాలంటే, అన్నిటినీ ముందు కిందికే కత్తిరించి, కత్తిరింపులో ఎక్కువ పోగొట్టుకున్న వరుస నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటి పంచుతూ పోవడం నా అలవాటు. చివరి వరుసకే అంతా కట్టబెట్టేవాళ్లూ ఉన్నారు. తేడా 0.01 అయితే ఎవరూ అడగరు, 0.95 అయితే ఆ ఒక్క వస్తువు ధర వింతగా కనిపించి ఫోన్లు వస్తాయి.

అసలు ధర మీద మళ్లీ పన్ను వేసి చూసుకునేవాళ్లకు ఇంకో విషయం. వెనక్కి వచ్చిన దారిలోనే ముందుకు వెళ్తే మొదలుపెట్టిన చోటికే చేరాలి కదా అనిపిస్తుంది. ధర 0.99, పన్ను 20 శాతం తీసుకోండి. అసలు ధర 0.825, రౌండ్ చేస్తే 0.83. దాని మీద 20 శాతం వేస్తే 0.996, అంటే 1.00. పోనీ 0.82 తీసుకుంటే 0.984, అంటే 0.98. రెండు దశాంశాల్లో ఏ అసలు ధర తీసుకున్నా 20 శాతంతో 0.99 రానే రాదు! 20 శాతం దగ్గర ప్రతి ఆరు ధరల్లో ఒకటి ఇలా చేరలేనిదే. 0.82, 0.83 పక్కపక్కనే ఉన్నా పన్ను వేశాక వాటి మధ్య 0.99 అనే మెట్టు మిగిలిపోతుంది.

కాబట్టి వరుసలో పన్ను కూడా చూపించాలంటే రౌండ్ చేసిన అసలు ధరను శాతంతో గుణించి పన్ను తీయకండి. కలిసిన ధరలోంచి రౌండ్ చేసిన అసలు ధరను తీసేయగా మిగిలిందే పన్ను. 0.99లో 0.83 పోతే 0.16. గుణిస్తే 0.17 వచ్చేది, రెండూ కూడితే 1.00 అయ్యేది, కొన్నవాడు కట్టింది మాత్రం 0.99. కట్టిన డబ్బు మారదు. సర్దుకోవాల్సింది మిగతా రెండూ.

తప్పు ఉందని ఎలా తెలుస్తుంది

ఒకసారి ఒక సంస్థ నుంచి నాకు ధరల ఫైల్ వచ్చింది, దాదాపు రెండు వేల వరుసలు. పేరు అనవసరం. ఫార్ములా పెట్టాను, మొత్తం వచ్చింది, చూడ్డానికి బాగానే ఉంది, పంపేశాను. రెండు రోజుల తర్వాత అక్కడి అకౌంటెంట్ ఫోన్ చేసి, "సార్, మీ లెక్కలో ఒక గుంపు మొత్తం మాయమైనట్టుంది, ఓసారి చూస్తారా?" అన్నారు. చూస్తే ఓ నలభై వరుసల్లో శాతం 20% అని కాకుండా ఉత్త 20 అని ఉంది. వేరే ఫైల్ నుంచి తెచ్చి అతికించారన్నమాట. నా ఫార్ములా వాటిని 1+20, అంటే 21తో భాగించింది. 120 ఉండాల్సిన చోట 100కు బదులు 5.71. పట్టికంతా అలాగే ఉండుంటే మొత్తం చిన్నదై వెంటనే కనిపించేది. నలభై వరుసలే కావడంతో మిగతావాటిలో కలిసిపోయింది. అప్పటి నుంచి ఫార్ములా పెట్టే ముందు `=MAX(C2:C6)` చూస్తాను. 1 కంటే పెద్దది కనిపిస్తే ఆగిపోతాను.

దీనికంటే నిశ్శబ్దంగా చెడిపోయేది ఖాళీ సెల్. C ఖాళీగా ఉంటే లెక్కలో అది సున్నా. అంటే పన్ను లేని వస్తువు కింద జమ, ధర మొత్తం అసలు ధరే అయిపోతుంది. ఎర్రర్ రాదు. పన్ను లేని వస్తువుకు 0% అని టైపు చేయాలి, ఖాళీ వదలకూడదు. అప్పుడే `=COUNTBLANK(C2:C6)` సున్నా చూపిస్తేనే ముందుకు వెళ్లాలనే నియమం పెట్టుకోవచ్చు.

శాతాన్ని నేరుగా రాయకుండా C లో A, B, Z లాంటి కోడ్ పెట్టి, పక్కన G, H కాలమ్‌లలో ఆ కోడ్‌ల శాతాలు రాసుకునే పట్టికలూ ఉంటాయి. అక్కడ చాలామంది ఇలా రాస్తారు:

```
=SUMPRODUCT(B2:B6/(1+SUMIF(G2:G4,C2:C6,H2:H4)))
```

పనిచేస్తుంది, పాత ఎక్సెల్‌లో కూడా. కానీ జాబితాలో లేని కోడ్ ఎదురైతే SUMIF సున్నా ఇస్తుంది, మళ్లీ అదే మౌనం. అదే కోడ్ జాబితాలో పొరపాటున రెండుసార్లు ఉంటే రెండు శాతాలనూ కూడేస్తుంది. మీ ఎక్సెల్‌లో XLOOKUP ఉంటే దాన్నే వాడండి:

```
=SUMPRODUCT(B2:B6/(1+XLOOKUP(C2:C6,G2:G4,H2:H4)))
```

కోడ్ దొరక్కపోతే మొత్తం సెల్ `#N/A` అయిపోతుంది. చికాకే, కానీ తప్పు మొత్తం కంటే నయం.

ఇక కుప్పల లెక్క. ఒక మూల మూడు సెల్‌లలో ఒక్కో శాతానికి కలిసిన ధరల మొత్తం తీసుకోండి:

```
=SUMIF(C2:C6,0.2,B2:B6)
=SUMIF(C2:C6,0.05,B2:B6)
=SUMIF(C2:C6,0,B2:B6)
```

మన పట్టికలో 169.99, 65.00, 15.00. మూడూ కలిపితే 249.99. అది `=SUM(B2:B6)`తో సరిపోవాలి. ఎక్కడైనా శాతం 20కి బదులు 2 అని పడినా, ఉత్త 20 అని ఉన్నా, ఖాళీగా ఉన్నా ఆ వరుస ఏ కుప్పలోనూ పడదు, మొత్తం తగ్గుతుంది, ఎంత తగ్గిందో చూస్తే ఏ వరుసో కూడా తరచూ తెలిసిపోతుంది. ఖాళీ సెల్‌ను SUMIF సున్నాగా లెక్కపెట్టదు, ఇక్కడ అదే మనకు మేలు. 20 ఉండాల్సిన చోట 5 పడితే మాత్రం ఇది పట్టదు. దానికి వస్తువుల పేర్లు చూసుకుంటూ చదవడం తప్ప నాకు వేరే దారి తెలియదు.

అసలు ధరల మొత్తానికి పన్ను మొత్తం కూడి, కలిసిన మొత్తంతో పోల్చి "సరిపోయింది" అని సంతోషించేవాళ్లున్నారు. శాతం ఏది పెట్టినా, చివరికి తప్పు పెట్టినా అది సరిపోతుంది. ఎందుకంటే రెండూ అదే ధరను రెండు ముక్కలు చేసినవే. అది పట్టేది ఒక్కటే, టెక్స్ట్‌గా మారిన అంకెలను. B లో ఏదో ధర టెక్స్ట్‌గా ఉంటే SUM దాన్ని వదిలేస్తుంది, భాగహారం మాత్రం అంకెగా మార్చుకుని లెక్కలోకి తీసుకుంటుంది. అప్పుడు రెండు మొత్తాలూ విడిపోతాయి.

డిస్కౌంట్ ఉంటే

ఇది ఎలాగూ తర్వాత అడుగుతారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. బిల్లు మొత్తం మీద శాతంలో డిస్కౌంట్ ఉంటే వరస పట్టింపు లేదు, ముందు తగ్గించి విడదీసినా, విడదీసి తగ్గించినా ఒకటే. ఇంత అని ఒకే అంకె తగ్గిస్తే మాత్రం జాగ్రత్త. రెండు వస్తువులు, 20 శాతంతో 120, 5 శాతంతో 105, మొత్తం 225, కొన్నవాడికి 45 తగ్గించారు. అసలు ధరలు 100, 100. ఆ 200లోంచి 45 తీసేసి 155 అనకూడదు, ఎందుకంటే ఆ 45లోనూ పన్ను కలిసే ఉంది. 225లో 45 ఐదో వంతు. రెండు ధరలనూ ఐదో వంతు తగ్గించండి, 96, 84 అవుతాయి. వాటిని విడదీస్తే 80, 80. మొత్తం 160. డిస్కౌంట్‌ను కలిసిన ధరల నిష్పత్తిలో పంచి, ఆ తర్వాతే ప్రతి వరుసనూ దాని శాతంతో విడదీయాలి. మీ ఫార్ములాలో B2:B6 ఉన్న చోట (B2:B6*(1-డిస్కౌంట్/మొత్తం)) పెడితే సరి. డిస్కౌంట్ ఒక సెల్‌లో, మొత్తం ఇంకో సెల్‌లో ఉంచుకోండి.

ఒకే వస్తువు మీద రెండు పన్నులు పడితే, రెండూ అసలు ధర మీదే పడుతున్నాయా, ఒకదాని మీద ఇంకోటి పడుతోందా అని ముందు తేల్చుకోండి. 10, 5 శాతాలు రెండూ అసలు ధర మీదే అయితే 1.15తో భాగించాలి, ఒకదాని మీద ఒకటైతే 1.155తో. మీ పట్టికలో అలాంటివి ఉంటే C లో ఆ మొత్తం శాతమే రాసేయండి, 15% గానీ 15.5% గానీ. ఫార్ములా ముట్టుకోనక్కర్లేదు.